నెలకు డెబ్బై రూపాయలు పెంచే ఉత్తరం

ఇంట్లో టిఫిన్లు చేసి చుట్టుపక్కల ఇళ్లకు పంపేవాళ్లకు వంట కష్టం కాదు. తెల్లవారుజామున మూడున్నరకు లేవడమూ అలవాటైపోతుంది. వాళ్లకు చేయి ఆడనిదల్లా ధర పెంచుతున్నామని చెప్పే నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నప్పుడే. హోటలైతే బోర్డు మీద అంకె మార్చేస్తారు, ఇష్టమైనవాడు తింటాడు. నెలనెలా వాడుకగా తీసుకునే ఇళ్లతో అలా కుదరదు. ఎదురింటి పిన్నిగారు, మూడో అంతస్తు మాస్టారు, కింద వాటాలో బ్యాచిలర్ కుర్రాళ్లు అందరూ ముఖం తెలిసినవాళ్లే. అందుకే చాలామంది ఏళ్ల తరబడి ధర పెంచకుండా నెట్టుకొస్తారు. ఇక తట్టుకోలేని రోజున ఒక్కసారిగా పెంచేస్తారు, లేదా ప్లేటులో చడీచప్పుడు లేకుండా ఏదో ఒకటి తగ్గిస్తారు. రెండూ నష్టమే. సరిగా లెక్క వేసుకుంటే ఆ ఉత్తరం అరపేజీ దాటదు. రాయడానికి మొహమాటమూ అడ్డురాదు.

విజయవాడ సత్యనారాయణపురం లాంటి పేటలో ఒకావిడ టిఫిన్లు పంపుతోందనుకుందాం. వాడుక ఇళ్లు డెబ్బై. ఇంటికి రోజుకో ప్లేటు, ఆదివారం సెలవు, నెలకు 26 రోజులు. ప్లేటు 35 రూపాయలు, నెల ఖాతా 910. వారంలో నాలుగు రోజులు ఇడ్లీగానీ దోసెగానీ, మిగతా రెండు రోజులు ఉప్మా, పూరీ. సాయానికి ఒకామె, డబ్బాలు ఇచ్చి వచ్చేందుకు ఒక కుర్రాడు. ఎవరి స్టీలు డబ్బా వాళ్లదే కాబట్టి ప్యాకింగ్ ఖర్చు లేదు. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. మీ ఊళ్లో, మీ వంటింట్లో అంకెలు వేరుగా ఉంటాయి గానీ లెక్క వేసే తీరు ఇదే.

ముందు లెక్క, తర్వాతే మాటలు

నెలకు ఎన్ని ప్లేట్లు? డెబ్బై ఇళ్లు, 26 రోజులు, మొత్తం 1,820. పెరిగిన ప్రతి ఖర్చునూ ఈ అంకెతో భాగిస్తే అది ఒక్కో ప్లేటు మీద ఎంత పడుతోందో తెలుస్తుంది. ఈ పని చేసినవాళ్లకు మొదట ఎదురయ్యేది ఆశ్చర్యమే.

ధర ఎందుకు పెంచారని అడిగితే అందరి నోటా మొదట వచ్చే మాట గ్యాసు. హోటళ్లు, టిఫిన్ సెంటర్లు వాడేది 19 కిలోల కమర్షియల్ సిలిండరు. దాని ధరను చమురు కంపెనీలు సాధారణంగా ప్రతి నెలా 1వ తేదీన సవరిస్తాయి. మన ఆవిడకు నెలకు మూడు సిలిండర్లు పడతాయి. ఏడాదిలో సిలిండరుకు నూరు రూపాయలు పెరిగిందనుకున్నా నెలకు మూడు వందలు. దాన్ని 1,820 ప్లేట్లకు పంచితే ప్లేటుకు పదహారు పైసలు. ఇన్నాళ్లూ నింద మోసిన గ్యాసు వాటా అంతే.

ఇప్పుడు మినపప్పు చూద్దాం. ఇడ్లీకి ఒక వంతు పప్పు, రెండు వంతుల రవ్వ. కిలో పప్పు నానబోసి రుబ్బి రవ్వ కలిపితే అటూ ఇటుగా నూరు ఇడ్లీలు దిగుతాయి. ప్లేటుకు నాలుగు చొప్పున పాతిక ప్లేట్లు. పప్పు కిలోకు ఇరవై రూపాయలు పెరిగితే ప్లేటుకు ఎనభై పైసలు. దోసె లెక్కా దాదాపు అంతే. ఉప్మా, పూరీ రోజుల్లో పప్పు ఖర్చు పడదు కాబట్టి వారం మొత్తానికి సగటు తీస్తే ప్లేటుకు 53 పైసలు. నూనె ప్లేటుకు సగటున 15 మిల్లీలీటర్లు పడుతుంది. లీటరుకు ఇరవై పెరిగితే ముప్పై పైసలు. చట్నీలోకి పల్లీలు ప్లేటుకు 15 గ్రాములు. కిలోకు ఇరవై పెరిగితే అదీ ముప్పై పైసలే.

మిగిలింది మనుషుల జీతం. సాయం చేసే ఆమెకు తొమ్మిది వేల నుంచి పది వేలు చేశారు. ప్లేటుకు 55 పైసలు. డబ్బాలిచ్చే కుర్రాడికి పెట్రోలుతో కలిపి ఏడు వేలుండేది, 7,800 అయింది. ప్లేటుకు 44 పైసలు. అన్నీ కూడితే రెండు రూపాయల 28 పైసలు. అందులో పెద్ద వాటా గ్యాసుదీ కాదు, పప్పుదీ కాదు. దాదాపు రూపాయి జీతాలదే.

రెండు రూపాయల పావలా పెద్ద మొత్తమా అనిపించవచ్చు. నెలకు అది 4,150 రూపాయలు. సరుకులు, గ్యాసు, జీతాలు పోగా ఏడాది కిందట ఆవిడ చేతిలో నెలకు సుమారు 13,650 మిగిలేది. ధర కదలకపోవడంతో ఇప్పుడు మిగిలేది 9,500. పనిలో ఏమీ తగ్గలేదు, చేతికొచ్చేది మాత్రం మూడో వంతు దాకా తగ్గింది. ఆ 9,500లోనే కరెంటు, నీళ్లు, గ్రైండరు రిపేర్లు కూడా చూసుకోవాలి.

ఎంత పెంచాలి

ఖర్చు 2.28 పెరిగింది కాబట్టి సరిగ్గా 2.28 పెంచితే రెండు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. అలాగని అయిదు రూపాయలు పెంచితే ఎందుకని అడిగినవాళ్లకు చెప్పడానికి లెక్క ఉండదు. నెల ఖాతా కట్టేవాళ్లకు ప్లేటు ధరతో పనిలేదు, నెలాఖరున ఇచ్చే మొత్తమే గుర్తుంటుంది. అందుకని అక్కడే గుండ్రంగా చేయడం మంచిది. 910 ఉన్నదాన్ని 980 చేస్తే పెరిగింది డెబ్బై. ప్లేటుకు రెండు రూపాయల డెబ్బై పైసల దాకా పడుతుంది. ఖర్చు పోగా నెలకు 750 రూపాయలు అదనంగా ఉంటుంది. వచ్చే ఏడాదిలో పప్పు ఇంకో పది పెరిగినా ధర ముట్టుకోకుండా నిలబెట్టేది ఆ 750. ఖాతా లేకుండా విడిగా తీసుకునేవాళ్లకు 35 నుంచి 38.

ఇక అసలు భయం, వాడుకలు పోతాయేమోనని. దానికీ లెక్క ఉంది. ప్లేటుకు సరుకు, గ్యాసు కలిపి ఇరవై రూపాయలు అవుతోందనుకుంటే ఒక ఇంటి మీద నెలకు 520 ఖర్చు. పాత ధరకు ఆ ఇంటి నుంచి 390 మిగులుతుంది, కొత్త ధరకు 460. డెబ్బై ఇళ్లు పాత ధరకు ఇచ్చేది 27,300. కొత్త ధరకు అరవై ఇళ్లే ఇచ్చేది 27,600. అంటే పది ఇళ్లు మానేసినా, ధర పెంచకుండా డెబ్బై ఇళ్లకూ వండినదానికంటే ఆవిడకు తక్కువ రాదు. పైగా రోజుకు పది ప్లేట్ల చాకిరీ తగ్గుతుంది. కుర్రాడి జీతం మాత్రం తగ్గదు, అది ఈ లెక్కలో ముందే మిగులులోంచి పోయేది. డెబ్బై రూపాయల కోసం పది ఇళ్లు ఒకేసారి మానుకోవడం అరుదు. ఈ అంకె చేతిలో ఉంటే ఉత్తరంలో బతిమాలాల్సిన పనుండదు.

ఉత్తరం

ఈ లెక్కంతా ఉత్తరంలోకి రాకూడదు. అది ఆవిడ నోటుపుస్తకంలో ఉండాలి. ఇళ్లకు వెళ్లే కాగితం ఇలా ఉంటే చాలు.

> అందరికీ నమస్కారం.
>
> వచ్చే నెల 1వ తేదీ నుంచి మన టిఫిన్ నెల ఖాతా 910 రూపాయల నుంచి 980 రూపాయలు అవుతుంది. విడిగా తీసుకునేవారికి ప్లేటు 35 నుంచి 38 రూపాయలు.
>
> ఏడాదిగా మినపప్పు, నూనె, పల్లీల ధరలు పెరిగాయి. మా దగ్గర పనిచేసే ఇద్దరికీ జీతాలు పెంచాం. అందుకే ఈ మార్పు.
>
> ప్లేటులో ఏమీ మారదు. ఇడ్లీలు నాలుగే, దోసెలు రెండే. పల్లీ చట్నీ, కారప్పొడి ఎప్పటిలాగే.
>
> రాబోయే నెలలకు ముందే డబ్బు కట్టినవారికి ఆ నెలలు పూర్తయ్యేవరకు పాత ధరే.
>
> ఏడాది వరకు మళ్లీ పెంచం.
>
> ఖాతా ఆపుకోవాలనుకుంటే 28వ తేదీలోపు చెప్పండి. మీ డబ్బు ఏమైనా మా దగ్గర ఉంటే తిరిగి ఇస్తాం. రోజు విడిచి రోజు కావాలన్నా చెప్పండి, 13 రోజులకు 500 రూపాయలు. ఫోన్ చేయాలంటే మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య చేయండి.

కింద సంతకం, తేదీ. అంతే.

మొదటి వాక్యంలోనే పాత ధర, కొత్త ధర, తేదీ మూడూ వచ్చేశాయి. చాలా ఉత్తరాలు ఇక్కడే తప్పుతాయి. పదేళ్లుగా మీరు చూపిన ఆదరణ, మా సేవాభావం, నాణ్యతలో రాజీపడని మా తపన అంటూ ఒక పేరా నడుస్తుంది. చదివేవాడికి రెండో వాక్యంలోనే ధర పెంచబోతున్నారని అర్థమైపోతుంది. ఎంతో తెలియక అంకె కోసం కిందికి వెతుక్కుంటాడు. పొగడ్త కాస్తా పీఠికలా అనిపించి చిరాకు తెప్పిస్తుంది. పాత ధర రాయకపోవడం ఇంకో పొరపాటు. 980 అని మాత్రమే ఉంటే, మొన్నటిదాకా ఎనిమిది వందలేగా అని ఒకరు, తొమ్మిది వందలని మరొకరు వాదులాడుకుంటారు. శాతాలు అసలే వద్దు. ఏడున్నర శాతం పైచిలుకు పెంపు అంటే ఎంతో ఎవరికి వాళ్లే లెక్కేసుకోవాలి.

కారణం రెండు వాక్యాలకు మించలేదు. అందులో గ్యాసు పేరు లేకపోవడం గమనించండి. పదహారు పైసల వస్తువును కారణంగా చూపిస్తే వచ్చే చిక్కు వెంటనే కనబడదు. కమర్షియల్ సిలిండరు ధర కొన్ని నెలల్లో తగ్గుతుంది కూడా. తగ్గిన రోజు ఆ వార్త పేపర్లో చూసి, గ్యాసు తగ్గిందిగా, మరి మాకు తగ్గించరా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబుండదు.

నూనెదీ కొంతవరకు అదే కథ. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిలు ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం వంటనూనెల దిగుమతి సుంకాన్ని ఒక్కసారిగా పెంచింది. 2025 మే చివర్లో ముడినూనె మీద మూల సుంకాన్ని ఇరవై నుంచి పది శాతానికి తగ్గించింది. ఇలా ఎక్కి దిగే వస్తువు ఒక్కదాని మీద ఉత్తరాన్ని నిలబెట్టకూడదు. పప్పు, నూనె, పల్లీలు, జీతాలు కలిపి చెబితే, ఒకటి తగ్గినా మిగతావి నిలబడతాయి. జీతాలైతే ఒకసారి పెరిగాక తగ్గవు. అసలు పెద్ద కారణం కూడా అదే కాబట్టి దాచాల్సిన పనిలేదు. డబ్బా తెచ్చే కుర్రాణ్ని రోజూ చూసే ఇళ్లవాళ్లు ఆ వాక్యాన్ని తప్పుపట్టరు.

టమాటా లాంటివాటికైతే ఉత్తరమే అక్కర్లేదు. 2023 జులైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటిపోయింది. కొన్ని వారాలు తిరిగేసరికి ధర పడిపోయి రైతులు గగ్గోలు పెట్టారు. ఆ జులైలో టమాటా పేరు చెప్పి టిఫిన్ ధర పెంచినవాళ్లు సెప్టెంబరులో ఇబ్బంది పడే ఉంటారు. నెలా రెండు నెలల్లో దిగే సరుకైతే చట్నీ మార్చుకోవాలి. టమాటా పచ్చడి మానేసి అల్లం పచ్చడి వేస్తే ఎవరూ ఏమీ అనరు.

పన్ను పెరిగిందని రాయాలన్న ఆలోచనా కొందరికి వస్తుంది. సేవల మీద ఏడాదికి ఇరవై లక్షల లోపు వ్యాపారం ఉన్న ఇలాంటి చిన్నవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఆవిడ వ్యాపారం కొత్త ధరకు కూడా ఏడాదికి ఎనిమిది లక్షల పాతిక వేలు దాటదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో పైసా కూడా వసూలు చేయకూడదు.

ప్లేటులో ఏమీ మారదు అనే మాట

ఉత్తరం మొత్తంలో బరువైన వాక్యం ఇదే. ధర పెంచడం ఇష్టంలేక చాలామంది పట్టే దొడ్డిదారి ప్లేటులోనే ఉంది. ఇడ్లీ రేకుల్లో గుంట సైజు మారదు కాబట్టి, గుంట నిండా పోయకుండా ఆపేస్తారు. పల్లీలు తగ్గించి పుట్నాలు పెంచుతారు. చట్నీ తెల్లగానే ఉంటుంది గానీ చిక్కదనంలో పిండి తగులుతుంది, కాసేపటికే నీళ్లు విడిపోతుంది. పప్పు ఒకటికి రవ్వ రెండు కాకుండా మూడు కలిపితే ఇడ్లీ వేడిగా ఉన్నంతసేపు తేడా తెలియదు. డబ్బాలో కూర్చుని తొమ్మిదింటికి తెరిచేసరికి గట్టిపడి పిడచకడుతుంది. డబ్బా కట్టుకుని ఆఫీసుకెళ్లి తినేవాళ్లకు మొదట తెలిసేది అక్కడే. వాళ్లు ఫిర్యాదు చేయరు. నెలాఖరున, ఊరెళ్తున్నామండీ, వచ్చాక చెప్తాం అంటారు. డెబ్బై రూపాయలు పెంచినందుకు అలిగినవాళ్లు నెల తిరిగేసరికి మళ్లీ వస్తారు గానీ, ఇలా జారిపోయినవాళ్లు రారు. ఇడ్లీలు నాలుగే అని ఉత్తరంలో రాసిన తర్వాత ఆ మాట వంటింట్లోనూ నిలబడాలి.

ఏడాది వరకు పెంచమన్న మాట కూడా ఊరికే రాసేది కాదు. పైన చెప్పిన 750 రూపాయల దన్ను ఉంటేనే రాయాలి. అది లేకుండా రాస్తే ఆరు నెలలకే మాట తప్పాల్సి వస్తుంది. దన్ను లేదనిపిస్తే ఆ వాక్యం తీసేయడమే మేలు.

ఎప్పుడు, ఎలా

సిలిండరు ధర 1వ తేదీన తేలుతుంది కాబట్టి లెక్క ఆ తర్వాతే పూర్తవుతుంది. ఉత్తరం 5 నుంచి 10వ తేదీ లోపు ఇళ్లకు చేరితే, వచ్చే నెల ఒకటికి ఇరవై రోజులు పైనే గడువు దొరుకుతుంది. నెలాఖరున ఇస్తే డబ్బు కట్టే రోజే తగవు మొదలవుతుంది. దసరా, సంక్రాంతి వారాల్లో ఎవరి ఖర్చులు వాళ్లకుంటాయి, అప్పుడు వద్దు. ఏప్రిల్, మే కూడా మంచివి కావు. పిల్లలకు సెలవులివ్వగానే సగం ఇళ్లు ఊళ్లకు వెళ్తాయి. ధర వల్ల మానేసిందెవరో, సెలవులకు వెళ్లిందెవరో తేలదు. బళ్లు తెరిచి ఇళ్లు కుదుటపడ్డాక, జులై ప్రాంతంలో అమలుచేస్తే ఫలితం తేటగా కనబడుతుంది.

వాట్సాప్‌లో పెట్టినా, కాగితం కూడా డబ్బాతో పంపడం మంచిది. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఫోను పిల్లల చేతుల్లో ఉంటుంది, ఆ మెసేజీ వాళ్లదాకా రాదు. డబ్బా మూత మీద రబ్బరుబ్యాండుతో కట్టిన చీటీ మాత్రం తప్పక కనబడుతుంది. గ్రూపులో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పండగ శుభాకాంక్షలతో కలిపి పెట్టకూడదు. శుభాకాంక్షల చాటున ధర పెంచారని అనిపించుకోవాల్సి వస్తుంది.

ఉత్తరం వెళ్లిన మర్నాటి నుంచి రెండు మూడు రకాల మాటలు వస్తాయి. వాటిలో ముఖ్యమైంది బేరం.

“ఏమ్మా, అందరితో పాటు మాకూ పెంచేశావా? మొదట్నుంచీ నీ దగ్గరే కదా తీసుకుంటున్నాం!”

“నిజమే బాబాయిగారూ. మీకు ఒక్కరికి తగ్గిస్తే ఎదురు వాటావాళ్లకు ఏం చెప్పమంటారు? అందరికీ ఒకటే ధర. మీకూ పిన్నిగారికీ రోజూ అక్కర్లేదనుకుంటే రోజు విడిచి రోజు పంపిస్తాను.”

ఒక ఇంటికి తగ్గిస్తే ఆ సంగతి సాయంత్రానికి మెట్లు దిగి అన్ని అంతస్తులూ తిరుగుతుంది. నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్లకు ధర కాకుండా రోజులు తగ్గించే దారి చూపాలి. అది ఉత్తరంలోనే రాసి ఉంది కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా చేసినట్టు ఉండదు. పదమూడు రోజులకు 490 కాకుండా 500 ఎందుకంటే, తిరిగే కుర్రాడికీ వండే ఆవిడకూ పని సగం కాదు గనుక.

ముందే కట్టినవాళ్ల జాబితా మాత్రం ఉత్తరానికి ముందే రాసి పెట్టుకోవాలి. మూడు నెలల డబ్బు ఒకేసారి ఇచ్చిన ఇంట్లో రెండో నెల డెబ్బై అడిగితే, మిగతా ఉత్తరమంతా ఎంత బాగా రాసినా వృథా.

ఫలితం చూడటానికి రెండు నెలలు ఆగాలి. మొదటి వారం ఫోన్లను బట్టి ఏమీ తేల్చుకోకూడదు. గట్టిగా మాట్లాడినవాళ్లే చాలాసార్లు కొనసాగుతారు. రెండో నెలాఖరుకు డెబ్బైలో అరవై మూడో అరవై నాలుగో మిగిలితే పెంపు గట్టెక్కినట్టే. అరవై కంటే కిందికి పడితే ధర కాకుండా ఇంకేదో ఉందని అర్థం. మానేసిన ఇళ్లు ఒకే వీధిలోనో, ఒకే కుర్రాడు వెళ్లే వైపో ఉన్నాయేమో చూడాలి. డబ్బా ఆలస్యంగా వెళ్తుండవచ్చు, పక్క వీధిలో కొత్త బండి పెట్టి ఉండవచ్చు.

ఈ పద్ధతి చిన్న పెంపులకే పనికొస్తుంది. మూడు నాలుగేళ్లు కదపకుండా ఉంచి, ఇప్పుడు 35ను ఒకేసారి 50 చేయాల్సి వస్తే ఎంత మంచి ఉత్తరమూ దాన్ని మోయలేదు. నెలకు దాదాపు నాలుగు వందలు పెరిగిందంటే ఏ ఇల్లయినా ఆలోచిస్తుంది. అప్పుడు ఆరు నెలల ఎడంతో రెండు విడతలుగా పెంచాలి. రెండో విడత సంగతీ మొదటి ఉత్తరంలోనే తేదీతో సహా చెప్పేయాలి. ఆ పరిస్థితి మళ్లీ రాకుండా ఉండాలంటే ఉత్తరం పంపిన రోజునే మినపప్పు, ఇడ్లీ రవ్వ, నూనె, పల్లీలు, సిలిండరు ధరలు, ఇద్దరి జీతాలు నోటుపుస్తకంలో ఒక పేజీలో రాసి పెట్టుకోవాలి. ఏడాదికి అదే పేజీ పక్కన కొత్త ధరలు రాసి చూసుకుంటే, పెంచాలో వద్దో, పెంచితే ఎంతో అరగంటలో తేలిపోతుంది.